గణిత ప్రేరణపై సినాప్సిస్: సమస్యా ప్రకటన, పరిశోధన ప్రశ్నలు ఎలా రాయాలి?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కోసం "మాధ్యమిక పాఠశాల విద్యార్థుల గణిత ప్రేరణ – ఒక అధ్యయనం" అనే శీర్షికతో సినాప్సిస్ రాశాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పిల్లలకు లెక్కల మీద ఆసక్తి పోతోందన్నదే నా సమస్యా ప్రకటన. బాలబాలికల మధ్య, గ్రామీణ పట్టణ విద్యార్థుల మధ్య, ప్రభుత్వ ప్రైవేటు బడుల మధ్య ప్రేరణలో తేడా ఉందా, ప్రేరణ మార్కులపై ప్రభావం చూపుతుందా అని నాలుగు ప్రశ్నలు పెట్టాను. మా గైడ్ రెండుసార్లు తిప్పి పంపారు. "ఇందులో సమస్య ఏదమ్మా?" అంటున్నారు. ఇన్నేళ్లుగా రోజూ తరగతిలో చూస్తున్నది కాగితం మీదికి వచ్చేసరికి సమస్యలా ఎందుకు కనబడటం లేదో, దాన్ని ఎలా రాయాలో చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఆసక్తి పోవడాన్ని ఎవరూ కంటితో చూడలేరు. మీరు తరగతిలో చూసినవి ఖాళీగా వదిలేసిన జవాబులు, బోర్డు మీద లెక్క పూర్తయ్యేదాకా ఆగి ఆ తరువాత దించుకున్న నోటుపుస్తకాలు, "నువ్వు చెప్పు" అనగానే వంగిపోయిన తలలు. వీటికి కారణం ఆసక్తి లేకపోవడమేనని మీరు నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్నే సమస్యగా రాశారు. అంటే పరిశోధన చేసి తేల్చవలసిన విషయాన్ని మొదటి వాక్యంలోనే తేల్చేశారు. ఇక వెదకడానికి ఏమీ మిగలలేదు కాబట్టే మీ గైడ్‌కు అందులో సమస్య కనబడటం లేదు. సమస్యా ప్రకటన మీరు చూసినదానితో మొదలు కావాలి. ప్రేరణ అన్న మాట దానికి సాధ్యమైన వివరణలలో ఒకటిగా ఆ తరువాత రావాలి.

ఇదేదో మాటల క్రమం మార్చడం అనుకోవద్దు, దీనివల్ల పరిశోధనే మారిపోతుంది. కొంతకాలం క్రితం ఒక ఉపాధ్యాయుడు తన తొమ్మిదో తరగతి జవాబు పత్రాల కట్ట తెచ్చి నాకు చూపించారు. అందులో ఒక ప్రశ్న ఇది: ఒక సంఖ్యకు మూడు రెట్లకు 7 కలిపితే 40 వస్తుంది, ఆ సంఖ్య ఎంత? ఒక అబ్బాయి చక్కని దస్తూరితో "ఆ సంఖ్యను x అనుకొనుము" అని రాసి ఆపేశాడు. కింద నాలుగు గీతల చోటు ఖాళీగా ఉంది. పక్కన ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని ఉంది. మరుసటి వారం అదే తరగతికి 3x + 7 = 40 అన్న సమీకరణాన్ని నేరుగా ఇచ్చి సాధించమన్నారు. ఆ అబ్బాయి x = 11 అని రెండు వరుసల్లో తేల్చేశాడు. అతనికి సమీకరణం సాధించడం వచ్చు. తెలుగు వాక్యాన్ని సమీకరణంగా మార్చడం దగ్గర ఆగిపోయాడు. ఆ ఎర్ర సిరా వ్యాఖ్య అతని విషయంలో తప్పు. అదే కట్టలో ఇంకొందరు ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే వాక్యం నుంచి సమీకరణం రాశారు, సాధించారు కూడా. కానీ పరీక్షలో మాత్రం ఆ ప్రశ్నను ముట్టుకోలేదు. ప్రేరణ గురించి అడగవలసింది ఈ రెండో రకం పిల్లల విషయంలో. రానందువల్ల వదిలేయడం, వచ్చి కూడా వదిలేయడం కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. ఈ రెండింటినీ విడదీయని సినాప్సిస్ ఎంత పెద్ద ప్రశ్నావళి వాడినా పునాది లెక్కలు రాకపోవడాన్ని కొలిచి దానికి ప్రేరణ అని పేరు పెడుతుంది.

ఈ పొరపాటు సినాప్సిస్‌లలో ఎక్కువగా నేపథ్యం రాసే పేజీలోనే జరుగుతుంది. ఉదాహరణకు అసర్ 2023 నివేదికను చాలామంది ఉటంకిస్తారు. 14 నుంచి 18 ఏళ్ల వయసు గ్రామీణ యువతలో 43.3 శాతం మందే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్కను సరిగా చేయగలిగారని అది చెప్పింది. ఆ అంకె నిజమే, గంభీరమైనదే. కానీ దాన్ని రాసి, వెంటనే "కనుక విద్యార్థులలో ప్రేరణ లోపించింది" అంటే ఆ రెండు వాక్యాల మధ్య వంతెన లేదు. ఆ సర్వే కొలిచింది సామర్థ్యాన్ని. మీరు దాన్ని వాడుకోవచ్చు, అయితే తొమ్మిదో తరగతిలో పునాది నైపుణ్యాల లోటు ఎంత ఉండవచ్చో చూపి, అందుకే మీ అధ్యయనంలో ఆ లోటును విడిగా కొలవబోతున్నారని చెప్పడానికి వాడుకోండి. అప్పుడు అదే అంకె మీ వాదానికి నిజంగా బలం ఇస్తుంది. గణిత బోధనపై 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పత్రం, ఎక్కువమంది పిల్లలలో గణితం పట్ల భయం, వైఫల్య భావన ఉన్నాయని స్పష్టంగా రాసింది. మీ అంశానికి అది మరింత దగ్గరగా ఉంటుంది.

తరువాతి పని ప్రేరణ అంటే మీ ఉద్దేశంలో ఏమిటో తేల్చుకోవడం. మీ సినాప్సిస్‌లో ఆసక్తి, వైఖరి, ఆత్మవిశ్వాసం, ప్రేరణ అన్న మాటలు ఒకదాని స్థానంలో ఒకటి వాడి ఉంటారని అనుకుంటున్నాను, దాదాపు అందరూ మొదట అలాగే రాస్తారు. విద్యా మనోవిజ్ఞానంలో వీటికి వేరువేరు సిద్ధాంతాలు, వేరువేరు కొలమానాలు ఉన్నాయి. నేను చేయగలనా అన్న నమ్మకాన్ని బందూరా స్వీయ సామర్థ్య భావనగా చూపారు. చేయగలనన్న ఆశను, చేస్తే నాకేమి విలువ అన్న ప్రశ్నను ఎక్లెస్, విగ్‌ఫీల్డ్ ఒకచోట చేర్చారు. డెసీ, రయాన్‌ల స్వయం నిర్ణయ సిద్ధాంతం పిల్లవాడు ఎందుకు చేస్తున్నాడన్న దాని మీద దృష్టి పెడుతుంది. మీరు చెబుతున్న పరిస్థితికి నా సలహా ఈ మూడోదే. ఎందుకంటే వచ్చిన లెక్కను కూడా వదిలేయడాన్ని వివరించాలంటే, చేసేవాళ్లు ఏ కారణంతో చేస్తున్నారో తెలియాలి.

ఆ సిద్ధాంతంలో ప్రేరణ ఎక్కువ తక్కువలుగా కాక రకాలుగా ఉంటుంది. మన పిల్లల మాటల్లో చెప్పాలంటే, "చేయకపోతే సారు కొడతారు, ఇంట్లో తిడతారు" అన్నది పూర్తిగా బయటి ఒత్తిడి. "ఫస్టు బెంచీ వాణ్ణి, నాకు రాలేదంటే పరువు పోతుంది" అన్నది బయటి ఒత్తిడి లోపలికి దిగి కూర్చున్న రూపం. "పాలీసెట్ రాయాలి, దానికి లెక్కలు కావాలి" అన్నది తనకు తానుగా గుర్తించిన ప్రయోజనం. "లెక్క తెగితే భలే ఉంటుంది" అన్నది లోపలి ఆనందం. మొదటి రెండింటిని నియంత్రిత ప్రేరణ అని, తరువాతి రెండింటిని స్వయం ప్రేరణ అని కలిపి చూడవచ్చు. ఇప్పుడు మీ సమస్యకు ఒక రూపం వస్తోంది గమనించండి. దెబ్బలకు, పరువుకు భయపడి చేసే పిల్లవాడికి ప్రేరణ లేదనలేము, బోలెడంత ఉంది. కానీ ఎవరూ చూడనప్పుడు, లెక్క కాస్త మొండికేసినప్పుడు ఆ రకం ప్రేరణ అతణ్ణి నిలబెడుతుందా? ఈ ప్రశ్న "ప్రేరణ ఎంత ఉంది" అని అడిగే ప్రశ్నావళితో తేలదు.

ఇక పరిశోధనా ఖాళీ. మా జిల్లాలో ఇంతవరకు ఎవరూ దీన్ని అధ్యయనం చేయలేదు అన్న వాక్యం మీ పత్రంలో ఉంటే దయచేసి తీసేయండి. ఎవరూ చేయని పనులు కోకొల్లలు, చేయకపోవడం ఒక్కటే చేయడానికి కారణం కాదు. ఇప్పటికే ఉన్న ఫలితాలు ఎక్కడ పొసగడం లేదో చూపిస్తే అది ఖాళీ. మీ అంశంలో అలాంటి చోటు ఒకటి ఉంది. కెనడాలో ప్రాథమిక తరగతుల పిల్లలను కొన్నేళ్లపాటు అనుసరించిన గారోన్-కారియే బృందం 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గణితంలో ముందటి సాధన, అంటే పరీక్షల్లో కనబరిచిన స్థాయి, తరువాతి అంతర్గత ప్రేరణను సూచించింది గానీ, ముందటి ప్రేరణ తరువాతి సాధనను సూచించలేదు. జర్మనీలో 5 నుంచి 10వ తరగతి వరకు 3,530 మంది విద్యార్థులను అనుసరించి మురయామా బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం అంతర్గత ప్రేరణ, తన చేతుల్లో ఉందన్న భావన, లోతుగా చదివే పద్ధతులు గణిత సాధనలో దీర్ఘకాలిక ఎదుగుదలను సూచించాయి. తెలివితేటల కొలత మొదటి స్థాయితోనే ముడిపడి ఉంది, ఎదుగుదలతో కాదు. ఈ రెండూ వేరువేరు వయసుల పిల్లలపై, వేరువేరు పద్ధతులలో జరిగాయి కాబట్టి ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని తీర్పు చెప్పకండి. రెండింటిలోనూ ఫలితంగా కొలిచింది గణిత సాధననే. సాధనకూ ప్రేరణకూ మధ్య ఉండే మెట్టు, అంటే కష్టమైన లెక్క ఎదురైనప్పుడు పిల్లవాడు దాన్ని పట్టుకుని కూర్చుంటాడా వదిలేస్తాడా అన్నది, వాటి ప్రధాన ఫలితాలలో లేదు. మీ అధ్యయనానికి చోటు అక్కడ ఉంది. ఇలా రాసేముందు గత పదేళ్లలో మన దేశంలో, ముఖ్యంగా మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో ఈ మెట్టు మీద ఏమైనా వచ్చాయేమో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో వెదికి, దొరికినవాటిని చదివి, అవి ఆగిన చోటును కూడా ఇక్కడ చేర్చండి.

ఈ ముక్కలను కలిపి ఒక నమూనా రాసి చూపుతాను. మీ బడి వివరాలకు తగినట్టు మార్చుకోండి.

"ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతిలో చాలామంది విద్యార్థులు బహుళ సోపానాలున్న గణిత సమస్యలను ప్రయత్నించకుండానే వదిలివేయడం ఉపాధ్యాయులు తరచుగా గమనించే విషయం. వీరిలో కొందరు అవసరమైన పునాది నైపుణ్యాలు లేక వదిలివేస్తారు. మరికొందరు ఆ నైపుణ్యాలు ఉండి కూడా వదిలివేస్తారు. తరగతిలో ఈ రెండు వర్గాలను వేరు చేయకుండా ఇద్దరికీ ఒకే పరిష్కారం, అంటే అదనపు అభ్యాసం, సూచించడం జరుగుతోంది. గణితం చేయడానికి విద్యార్థులు చెప్పుకునే కారణాల రకం వారి సాధనతో ముడిపడి ఉందని విదేశాలలో జరిగిన అధ్యయనాలు చూపాయి గానీ, ఆ సంబంధపు దిశ గురించి అవి ఏకీభవించడం లేదు. కఠినమైన సమస్య వద్ద నిలబడి ప్రయత్నించడాన్ని అవి నేరుగా పరిశీలించలేదు. కాబట్టి పునాది నైపుణ్యాలలో సమానంగా ఉన్న విద్యార్థుల మధ్య, ప్రేరణ రకానికీ సమస్యను వదలకుండా ప్రయత్నించడానికీ సంబంధం ఉందా, ఉంటే అది విద్యా సంవత్సరంలో ఎలా మారుతుంది అన్నది ఈ అధ్యయనం పరిశీలించే సమస్య."

ఇందులో "లోపించింది", "ఆందోళనకరం" వంటి మాటలు లేవని గమనించండి. "ఉపాధ్యాయులు తరచుగా గమనించే" అన్న మాటకు ఆధారం అడిగితే చూపగలగాలి. అందుకు సినాప్సిస్ సమర్పించేలోగా మీ బడిలో ఒక సెక్షన్ పాత జవాబు పత్రాలు తీసి, పెద్ద లెక్కలలో ఎన్ని పూర్తిగా ఖాళీ, ఎన్ని మొదలుపెట్టి ఆపినవి, ఎన్ని పూర్తి చేసినవి అని లెక్కపెట్టండి. ఒక ఆదివారం పని. ఆ చిన్న పట్టిక మీ మొదటి పేజీలో ఉంటే కమిటీలో ఎవరూ సమస్య ఏది అని అడగరు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. మొదటి మూడూ ప్రేరణలో తేడా ఉందా అని అడుగుతున్నాయి. తేడా ఎందుకు ఉండవచ్చో మీ సమస్యా ప్రకటనలో ఒక్క వాక్యం కూడా లేదు, అందుకే అవి సమస్య నుంచి పుట్టినట్టు కాక ప్రశ్నావళి మొదటి పేజీలో నింపే పేరు, లింగం, ఊరు, బడి గడుల నుంచి పుట్టినట్టు ఉన్నాయి. బాలికల విషయంలో మీ దగ్గర నిజమైన కారణం ఉంటే, ఉదాహరణకు పదో తరగతి తరువాత చదువు ఆగుతుందని అనుకునే అమ్మాయిలకు "పాలీసెట్ కోసం" అన్న కారణమే ఉండదేమో అన్న అనుమానం ఉంటే, దాన్ని ప్రకటనలో రాసి ఆ ప్రశ్న ఉంచండి. ప్రభుత్వ, ప్రైవేటు పోలికను వదిలేయమనే నా గట్టి సలహా. మీరు ఒక్కరే తిరిగి సేకరించగలిగేది ఆరేడు బడులు. నాలుగు ప్రభుత్వ, రెండు ప్రైవేటు బడులలో కనిపించే తేడా యాజమాన్యానిదా, అక్కడి ఇద్దరు లెక్కల టీచర్లదా, కుటుంబ ఆదాయానిదా, బోధనా మాధ్యమానిదా విడదీయడం సాధ్యం కాదు. పిల్లలు మూడు వందల మంది ఉన్నా బడుల పోలికకు మీ దగ్గర ఉన్నవి ఆరు అంకెలే.

మీ నాలుగో ప్రశ్నలో బీజం ఉంది కానీ "ప్రభావం" అన్న మాట దాన్ని పాడుచేసింది. ఒకే రోజు ప్రశ్నావళి ఇచ్చి, ఆ పక్కన మార్కులు రాసుకుంటే, ప్రేరణ వల్ల మార్కులు వచ్చాయో మార్కులు వచ్చినందువల్ల ప్రేరణ కలిగిందో చెప్పలేరు. పైన చెప్పిన రెండు అధ్యయనాలు తేల్చలేకపోతున్నది సరిగ్గా ఇదే. ఒకేసారి కొలిస్తే "సంబంధం" అనే రాయండి. జూలైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి కొలవగలిగితే ముందటిది తరువాతిదాన్ని ఎంతవరకు సూచిస్తోందో చెప్పవచ్చు. అప్పటికీ "కారణం" అన్న మాటకు అర్హత రాదు. కొలిచేది ఏమిటన్నది కూడా ప్రశ్నలోనే తేలాలి. మార్కులు అంటే ఏ మార్కులు? ఎఫ్‌ఏ మార్కులలో స్లిప్ టెస్టుతో పాటు ప్రాజెక్టు పనికి, రాతపనికి వేసినవి కలిసి ఉంటే, శ్రద్ధగా నోట్సు నింపిన పిల్లవాడికి అక్కడే మార్కులు పడతాయి. దానితో ప్రేరణకు సహసంబంధం చూస్తే, ప్రేరణను ప్రేరణతోనే పోల్చినట్టవుతుంది. ఆ మార్కులను వాడకండి. మీరే రెండు చిన్న పరీక్షలు తయారుచేసుకోండి. ఒకటి నేరుగా అడిగే పునాది నైపుణ్యాలది, రెండోది ఆ నైపుణ్యాలు మాత్రమే అవసరమయ్యే నాలుగైదు పెద్ద సమస్యలది.

ఆ ప్రకారం ప్రశ్నలు మూడు చాలు. మొదటిది: తొమ్మిదో తరగతి విద్యార్థులు గణితం చేయడానికి చెప్పే కారణాలలో నియంత్రిత, స్వయం ప్రేరణలు విద్యా సంవత్సరం మొదట్లో, చివర్లో ఏ మేరకు ఉన్నాయి? రెండోది: పునాది నైపుణ్యాల పరీక్షలో వచ్చిన మార్కులను పరిగణనలోకి తీసుకున్న తరువాత, జూలైలో కొలిచిన ప్రేరణ రకానికీ, ఫిబ్రవరిలో బహుళ సోపాన సమస్యలను ప్రయత్నించిన స్థాయికీ సంబంధం ఉందా? మూడోది: అవసరమైన నైపుణ్యాలు ఉండి కూడా సమస్యను వదిలేసిన విద్యార్థులు, తాము వదిలేసిన ఆ క్షణం గురించి ఏమి చెబుతున్నారు? మూడోదానికి పది పన్నెండు మందిని, వాళ్ల జవాబు పత్రం ముందు పెట్టుకుని, "ఇక్కడ ఆగావు కదా, అప్పుడేమనుకున్నావు" అని అడిగితే చాలు. నా మటుకు ఈ మూడింటిలో మీ పరిశోధనకు ప్రాణం ఆ మూడో ప్రశ్నే, ఎందుకంటే సిద్ధాంతం ఊహించని కారణాలు అక్కడే బయటపడతాయి.

ప్రతి ప్రశ్న దగ్గర ఆగి రెండు పనులు చేయండి. "లేదు" అన్న జవాబు రావడానికి అవకాశం ఉందా, వస్తే మీరు దాన్ని రాయడానికి సిద్ధమేనా అని చూసుకోండి. ఆ తరువాత దానికి జవాబిచ్చే పట్టిక గళ్లను అంకెలు లేకుండా గీయండి. రెండో ప్రశ్నకు గీస్తే "ప్రయత్నించిన స్థాయి" అన్న గడి దగ్గర మీ పెన్ను ఆగుతుంది. ఖాళీకి 0, మొదలుపెట్టి ఆపితే 1, చివరిదాకా వెళితే జవాబు తప్పయినా 2 అని అక్కడ నిర్ణయించుకోవాలి. ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోకపోతే ఫిబ్రవరిలో కట్టలు ముందేసుకుని తీసుకోవలసి వస్తుంది, అప్పటికి పరీక్ష మార్చే వీలుండదు. మీ విశ్వవిద్యాలయ నమూనాలో శూన్య పరికల్పనల శీర్షిక తప్పనిసరి అయితే రెండో ప్రశ్నకు మాత్రం రాయండి, మొదటిది వర్ణనాత్మకం, మూడోది మాటలతో తేలేది, వాటికి పరికల్పన అక్కరలేదని ఒక వాక్యంలో చెప్పండి. కమిటీలు దీన్ని సాధారణంగా అంగీకరిస్తాయి.

మీ సొంత బడిని నమూనాలో చేర్చవద్దు. మార్కులు వేసే టీచరమ్మ చేతికి "కొడతారని చేస్తాను" అని టిక్కు పెట్టి ఇచ్చే పిల్లలు అరుదు. బయటి బడులలో కూడా ప్రశ్నావళిని ఆ బడి లెక్కల ఉపాధ్యాయుడు లేని పీరియడ్‌లో ఇవ్వండి, పేరు బదులు రెండుసార్లూ ఒకే సంకేత సంఖ్య వాడండి, అది లేకపోతే జూలై, ఫిబ్రవరి పత్రాలను జతపరచలేరు. ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చుకున్నాక ముందుగా ఇరవై ముప్పై మందికి ఇచ్చి, చదివి ఏమర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. ఆంగ్ల ప్రశ్నావళులలోని అపరాధ భావం, సిగ్గు వంటి మాటలు మన పిల్లలకు మరోలా వినబడతాయి.

శీర్షికను అన్నిటికంటే చివర మార్చండి. ప్రశ్నలు స్థిరపడ్డాక "తొమ్మిదో తరగతి విద్యార్థుల గణిత ప్రేరణ రకాలు, బహుళ సోపాన సమస్యలను ప్రయత్నించడంతో వాటి సంబంధం" అన్నట్టు ఏదో ఒకటి దానంతటదే వస్తుంది. "ఒక అధ్యయనం" అన్న తోకను అప్పుడు తీసేయవచ్చు.